దేవుడి వరుస

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటి ఉంటుందని ఎవరైనా అంటే, వాళ్ళ మీద జాలి పడేదాన్ని. (ఆ రోజులంటే రాజులనాటివేం కాదు, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్న రోజులే. కానీ మొదటి ఉద్యోగంలో మొదటి ఏడాది ఎవరికైనా పురాణకాలంలాగే గుర్తుంటుంది.) కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ లామినేషన్ వేడి ఇంకా ఆరకముందే వీపనగండ్ల నుంచి గద్వాలకు వచ్చి, అక్కడి పట్టణ ఆఫీసులో కాంట్రాక్టు మీద చేరాను. నేతన్నల వీధిలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. పొద్దున్నే పక్కింటి మగ్గం చప్పుడుకు లేవడం, ఆఫీసుకు పోయి పాత జనన రిజిస్టర్లలో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించడం, ఇదీ నా పని. ఆఫీసులో నన్ను అందరూ 'టైపు పిల్ల' అనేవారు. అది బిరుదనే అనుకున్నాను చాలాకాలం.

ఆ రిజిస్టర్లు ఎలా ఉండేవో చెప్పాలి, లేకపోతే కథంతా గాల్లో ఉంటుంది. పుస్తకం తెరిస్తే రెండు పేజీలు కలిపి ఒకే పట్టిక. ఎడమ పేజీలో అచ్చు వేసిన వరుస సంఖ్య, పుట్టిన తేదీ, ఆడా మగా, బిడ్డ పేరు. కుడి పేజీలో తండ్రి పేరు, తల్లి పేరు, వాళ్ళ ఊరు. ఎడమ పేజీ నుంచి కుడి పేజీకి అడ్డంగా చదువుకుంటూ పోతే ఒక్కో వరుస ఒక్కో బిడ్డ. ఇంత సులువైన పనికి ప్రభుత్వం జీతం కూడా ఇస్తోందే అని నాకు లోలోపల నవ్వొచ్చేది.

ఒక పాత రిజిస్టరు మొదలుపెట్టాక మాత్రం నవ్వు ఆగింది. యోహాను అనే పిల్లవాడి తండ్రి వీరభద్రయ్య. రహీమా అనే పిల్ల తండ్రి ఆశీర్వాదం. పేజీ తిప్పితే అక్కడా అంతే. నేను వెంటనే ఒక సిద్ధాంతం తయారుచేశాను: మన పాలమూరులో ఆ కాలంలోనే మతాల పట్టింపు లేకుండా పెళ్ళిళ్ళు జరిగిపోయాయన్నమాట! కళ్ళు చెమర్చాయి కూడా. ఈ సంగతి మా పెద్దసారుతో (జనన మరణాల రిజిస్ట్రారు ఆయనే) చెబితే, కళ్ళజోడు మీదుగా చూసి "మీ ఊర్లె గిట్లనే జరుగుతయా పెండ్లిళ్ళు? టైపు చెయ్ బిడ్డా, సిద్ధాంతాలు తర్వాత" అన్నాడు. ఆ పుస్తకంలో ప్రతి కుడి పేజీ పైన ఒక పచ్చటి మరక ఉండేది, ఆ వరుస ఖాళీగా ఉండేది. పాత గుమాస్తా పప్పు తింటూ రాసేవాడని, మరక పడిన చోట రాయలేక వదిలేశాడని తేల్చేశాను. నా తేల్చివేతలకు అడ్డేముంది!

అసలు చిక్కు కవలల దగ్గర వచ్చింది. కవలలు పుడితే ఎడమ పేజీలో రెండు వరుసల్లో 'కవల ఒకటి', 'కవల రెండు' అని రాసి ఉంటుంది. ఆ ఇద్దరికీ అమ్మానాన్నలు ఒకరే ఉండాలి కదా? ఉండరు! మొదటి కవలకు ఒక తల్లి, రెండో కవలకు ఇంకో తల్లి. పైగా ఆ రెండో తల్లే, కింది వరుసలో వేరే తేదీన పుట్టిన పిల్లవాడికీ తల్లి. ఒక చోటయితే పొరపాటు అనుకోవచ్చు. ఆ పుస్తకంలో కవలలు ఎక్కడ పుట్టినా ఇదే వరస. మొదటి కవల పరాయి, రెండో కవల సొంతం, ఆ కిందివాడు ఊరకే వచ్చి చేరినవాడు. నేను టైపు చేయడం ఆపేసి, ఆ వరుసలన్నిటికీ పెన్సిల్‌తో చిన్న చుక్కలు పెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే గట్టు అనే ఊరి నుంచి ఒక తల్లి, ఇద్దరు కూతుళ్ళు వచ్చారు. కూతుళ్ళిద్దరూ కవలలు. ఊరూరా కూలికి తిరిగిన కుటుంబం, ఇద్దరూ బడి గడప తొక్కలేదు. చిన్నమ్మికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. పెద్దమ్మి ఒకటి ఇస్తానంది. ఇద్దరూ సొంత అక్కాచెల్లెళ్ళని కాగితం చూపిస్తేనే ఫైలు కిడ్నీ మార్పిడికి అనుమతిచ్చే కమిటీ ముందుకు పోతుందని హైదరాబాద్ దవాఖానలో చెప్పారట. కాన్పు గద్వాల సర్కారు దవాఖానలోనే అయింది కాబట్టి సర్టిఫికెట్లు మా ఆఫీసే ఇవ్వాలి. చిన్నమ్మి బెంచీ మీద కూర్చుని గోడకు తల ఆనించింది. పాదాలు వాచిపోయి చెప్పులు పట్టక విడిచేసింది. ఆ చెప్పులను పెద్దమ్మి చేత్తో పట్టుకుని నిలబడింది.

నేను హుషారుగా రిజిస్టరు తీసి, అందరికీ వినబడేలా చదివాను. చిన్నమ్మి తల్లి శాంతమ్మ, సరిగ్గానే ఉంది. పెద్దమ్మి తల్లి లక్ష్మీదేవమ్మ, తండ్రి రాఘవులు, నేత పని.

శాంతమ్మవ్వ నోరు తెరిచింది. తర్వాత తెరిచిన నోరు మూయలేదు. "ఏందీ? నేను కన్నదాన్ని ఎవరికో రాసిస్తివా? ఒక్క కడుపుల రెండు పానాలు మోసి, బండి మీద గట్టు కాడికెల్లి ఈడిదాంక వచ్చి కన్న! ఇద్దరు కవలలకు ఇద్దరు తల్లులుంటరా? నీకు సదువెవరు చెప్పిండ్రే?"

"అవ్వా, నేను రాయలేదు, ఉన్నది చదివిన" అన్నాను. ఊరుకోవచ్చు కదా, "కింద మహబూబ్ అని ఇంకో పిల్లగాడు కూడ నీ పేరు మీదనే ఉన్నడు" అని కలిపాను.

"ఆ పిల్లగాన్ని నువ్వే సాదుకో! నా బిడ్డను నాకియ్యి!" అని అవ్వ చెప్పు తీసింది. పెద్దసారు లేచి వచ్చి, "అమ్మా, జర శాంతించు, చాయ్ తాగు" అని కూర్చోబెట్టాడు. కానీ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "రిజిస్టర్ల ఉన్నదానికే నేను సంతకం పెట్టాలె. అది తప్పని రుజువు లేకుంటె నా చేతుల ఏం లేదు" అన్నాడు. అవ్వ అంతా విన్నది. చెప్పు కింద పెట్టి, కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. అప్పటిదాకా నాకు ఆ పుస్తకం ఒక తమాషా. ఆ ఏడుపు విన్నాక భయమేసింది. ఈ మనిషి తిట్టినంతసేపు ఎంత బాగుందో అనిపించింది.

ఆ సాయంత్రం గదికి పోతుంటే, పక్కింట్లో మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు దారాలు, ఎక్కిస్తున్నారు. ఇంటావిడ గిన్నెలో పసుపు కలిపి, మొదట్లో వేలితో ఒక బొట్టు పెట్టి దండం పెట్టుకుంది. ఆ బొట్టును చూశాను. ఆ రంగు నాకు తెలుసు. అది పప్పు కాదు, పసుపు బొట్టు! ఆ వరుస కావాలనే వదిలారన్నమాట. పొద్దున్నే తాళం తీసే అటెండరు కంటే ముందు ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాను.

పుస్తకం తెరిచి ఈసారి పైనున్న మరక దగ్గరే ఆగకుండా, పేజీ అడుగుదాకా చూశాను. ప్రతి కుడి పేజీలో పై వరుస పసుపు బొట్టుతో ఖాళీ. అడుగున, చివరి గీత కూడా దాటి, మార్జిన్‌లో చిన్న అక్షరాలతో ఇరికించి ఒక తల్లీ తండ్రీ. అంటే కుడి పేజీ మొత్తం ఒక వరుస కిందికి జరిగి ఉంది! ఎడమ పక్క బిడ్డను పట్టుకుని కుడి పక్కకు పోయి ఒక గీత దిగితే అసలు తల్లిదండ్రులు దొరుకుతారు. దిగి చూశాను. యోహానుకు ఆశీర్వాదం తండ్రయ్యాడు. పెద్దమ్మికి శాంతమ్మ, చిన్నమ్మికీ శాంతమ్మే. మహబూబ్ కూడా వాళ్ళింటికి వాడు వెళ్ళిపోయాడు. కుర్చీలోంచి లేచి అరిచాను, "సార్! అవ్వకు ఇద్దరూ పుట్టిండ్రు!" (పాతికేళ్ళు దాటిన కవలల గురించి ఆఫీసులో ఇలా అరిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించండి.)

ఆ పుస్తకం రాసిన గుమాస్తా రిటైరై మా వీధి చివరే ఉన్నాడు. పెద్దసారూ నేనూ వెళ్ళాం. ఆయన మంచం మీద కూర్చుని, మేమేదో నేరం చేసినట్టు చూశాడు. "మా ఇంట్ల పడుగుకైనా, పద్దుకైనా మొదలు దేవునికిడుస్తం. ఎడమ పక్క అచ్చు నంబరుంది, ఆ వరుస ఇడిస్తె నంబరేమాయె అని పైనోళ్ళడుగుతరు. అందుకని కుడి పక్క ఇడిసిన. ఆఫీసుల అందరికి ఎరుకే, ఒక గీత దిగి సదివెటోళ్ళు. మిమ్మల్ని అడ్డంగ సదవమని ఎవరు చెప్పిండ్రు?"

అందరికీ ఎరుకే. ఆ ఎరుక ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కరే రిటైరయ్యారు, పుస్తకం మాత్రం బీరువాలో ఉండిపోయింది.

కానీ పెద్దసారు ఇంకా తల ఊపలేదు. "ఊహ సరిపోదు బిడ్డా, కాగితం కావాలె" అన్నాడు. అప్పట్లో కాన్పు కాగానే దవాఖాన వాళ్ళు రిపోర్టు కాగితం పంపేవారు, దాన్ని చూసే రిజిస్టరులో రాసేవారు. ఆ కట్టలు రికార్డు గదిలో ఉన్నాయి, కొన్ని చెదలకు పోయాయి. ముక్కుకు చున్నీ కట్టుకుని వెతికాను. శాంతమ్మ పేరున్న కాగితాలు రెండూ ఒకే పిన్నుకు దొరికాయి, ఆడ, ఆడ, కవలలు. ఇంకో పది పేజీల కాగితాలతో సరిపోల్చి చూస్తే అన్నిచోట్లా ఒక గీత తేడాయే. సంగతి తెలిసిన ఇద్దరు పెద్దమనుషుల వాంగ్మూలం కూడా తీసుకున్నారు. ఒకరు ఆ గుమాస్తా తాతే. రెండోవారు అవ్వ కాన్పుకు తోడొచ్చిన ఆడబిడ్డ.

అప్పుడైనా పాత అక్షరం కొట్టేయలేదు, దిద్దలేదు. అలా చేయకూడదు. రాసింది రాసినట్టే ఉంచి, పక్కన మార్జిన్‌లో పెద్దసారు సరైన వివరం రాసి, సంతకం పెట్టి తేదీ వేశాడు. మిగతా పుస్తకం సంగతి పైవాళ్ళకు ఉత్తరం రాశాడు. పెద్దమ్మి సర్టిఫికెట్ ప్రింటు తీసి అవ్వ చేతిలో పెట్టాను. అవ్వకు చదవడం రాదు. "నా పేరు ఏడుంది?" అని అడిగింది. వేలు పట్టుకుని చూపించాను. ఆ చోట వేలు అలాగే ఉంచి, "నిన్ను తిట్టిన గదా బిడ్డా" అంది. "ఇంకో రెండు తిట్టినా ఫర్వాలేదవ్వా" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆపరేషన్ అయింది, అక్కాచెల్లెళ్ళిద్దరూ లేచి తిరిగారు. నేను పరీక్ష రాసి, ఇప్పుడు వనపర్తిలో పర్మినెంటు ఉద్యోగిని. మొన్న మా ఆఫీసుకు కొత్తగా ఒక అమ్మాయి చేరింది. లామినేషన్ వేడి ఆరని రకం. నేను తయారుచేసిన షీటు తెరిచి, "మేడం, మొదటి వరుస ఖాళీగుంది. మర్చిపోయిండ్రా?" అని జాలిగా అడిగింది. ఆ జాలి నాకు బాగా తెలిసిన జాలి. లేదు తల్లీ, కావాలనే వదిలాను అన్నాను. ఆ వరుస ఎవరిదో, అది ఎందుకు ఖాళీగా ఉందో పక్కనే తెలుగులో పూర్తిగా రాసిపెట్టాను కూడా. ఆ పిల్ల అది చదవకుండానే నవ్వుకుంటూ వెళ్ళింది.