మేజోడు నీడ

మా సైన్సు మేష్టారిని పిల్లలు ‘మీటరు’ అనేవారు. వాళ్లని అని ఏం లాభం, స్టాఫ్ రూములో మేమూ అలాగే అనేవాళ్లం. జేబులో పెన్ను లేకపోయినా ఎర్ర తీగా నల్ల తీగా వేలాడే, కరెంటు కొలిచే మల్టీమీటరు మాత్రం ఉండాల్సిందే. టీలో పంచదార తక్కువైందని నేను గొణిగితే, "ఎంత తక్కువైంది?" అని అడిగే రకం. ఇలాంటి మనిషికి పెళ్లి కాకపోవడంలో వింతేముంది? కొలవని మాటకు ఆయన దగ్గర విలువ లేదు. నిజం తెలిస్తే చాలు, మనుషులు బాగుపడతారని నమ్మేవాడు. తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఆ నమ్మకం చూస్తే ఒళ్లు మండేది.

ఆ ఏడు ఆయన్ని ఒకే ఒక విషయం తినేస్తుండేది. ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడొకడు మేడల మీద సోలారు ప్యానెళ్లు బిగించే పనిలో స్థిరపడ్డాడు. నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేనివాడు. తన అన్న ఇంటి మేడ మీద కూడా చిన్న ప్యానెల్ బిగించి, మెట్ల దగ్గర దీపం పెట్టాడు. ఆ వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు, తల్లికేమో చూపు సరిగా ఆనదు. ముసురు రోజుల్లో ఒక రాత్రి కరెంటు పోయింది. బ్యాటరీలో ఛార్జింగ్ లేక దీపమూ వెలగలేదు. పెద్దావిడ మెట్ల మీంచి పడింది, మరి లేవలేదు. ప్యానెల్‌ని వాలు లేకుండా పడుకోబెట్టడం వల్లే ఇంత పనీ జరిగిందని అన్న నలుగురిలో అరిచాడు. తమ్ముడు తల దించుకున్నాడు తప్ప ఎదురు చెప్పలేదు. అప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. కన్నతల్లినే చంపుకున్నవాడి చేత ప్యానెల్ ఎవరు బిగించుకుంటారు? అతని పని పోయింది.

"కాస్త వాలు తగ్గితే దీపం ఆరిపోతుందా? వీళ్ల మొహం! నిరూపిస్తాను చూడండి," అన్నాడు మీటరు.

ఆ అన్న కూతురు మా తొమ్మిదో తరగతిలోనే ఉంది. ముందు బెంచీ పిల్ల. పాఠం ఆ పిల్లతో పాటు ఇంటికి నడిచివెళ్తుందని ఆయన ఎత్తు. అందుకోసం నా పీరియడు కూడా లాగేసుకున్నాడు. తిట్టుకుంటూనే నేనూ ఆవరణలోకి వెళ్లి నిలబడ్డాను.

అరచేతిలో పట్టే ప్యానెల్ అది. నల్లటి పలక మీద ఎనిమిది సన్నటి గళ్లు. దాన్ని అట్టకు అంటించి, పక్కన కోణమానిని గుచ్చాడు. ప్యానెల్ తీగలను మల్టీమీటరుకు తగిలించి, పలకను సరిగ్గా సూర్యుడికి ఎదురుగా తిప్పాడు.

"ఎంత?"

"వంద మిల్లీ ఆంపియర్లు సార్!"

"ఇప్పుడు ఇరవై డిగ్రీలు పక్కకి వంచుతున్నా. చదవండి."

"తొంభై నాలుగు!"

"అంతేనా తగ్గింది? ఇంకా వంచుదాం. అరవై డిగ్రీలు."

"యాభై రెండు సార్."

"చూశారా? కొద్దిగా వంగితే కొద్దిగానే పోతుంది. సగం పోవాలంటే బాగా వంచాలి. ఎండ ఏటవాలుగా పడేకొద్దీ పలకకి అందే వెలుగు తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది. అంతే గానీ, కాస్త వాలు తేడా వస్తే మొత్తం ఆరిపోదు."

ముందు బెంచీ పిల్ల ముఖం విప్పారింది. బాబాయ్ అంటే ఆ పిల్లకు ప్రాణం. ఇంట్లో ఆ పేరెత్తనివ్వడం లేదని నాతో చెప్పుకుని ఏడ్చింది కూడా. మీటరు నా వైపు చూసి కన్ను గీటాడు.

అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది! కానీ సగం పాఠం చెప్పి వదిలేయడం ఆయన చేత కాదు. పలకను మళ్లీ సూర్యుడికి ఎదురుగా తిప్పి, నల్ల అట్టముక్క తీసి ఒకే ఒక గడిని మూశాడు.

"ఎనిమిదింటిలో ఒకటి మూశా. ఎంత తగ్గాలి?"

"ఎనిమిదో వంతు!" అని అందరూ అరిచారు.

మల్టీమీటరులో అంకె ఎనిమిదికి పడిపోయింది. ఎనిమిదో వంతు తగ్గడం కాదు, మిగిలిందే ఎనిమిది. పిల్లలు నోళ్లు తెరిచారు.

"బావి నుంచి తొట్టి దాకా వరసగా నిలబడి బిందెలు అందిస్తున్నారనుకోండి. మధ్యలో ఒకడు చేతులు కట్టుకుంటే? మిగతావాళ్లు ఎంత బలవంతులైనా నీళ్లు ముందుకు పోవు. ఈ గళ్లు కూడా ఒకే వరసలో కలిపినవే. ఒక్కదాని మీద నీడ పడితే అన్నీ దాని దారే పడతాయి."

ముందు బెంచీ పిల్ల లేచి నిలబడింది. "పెద్ద ప్యానెల్‌కి కూడా ఇంతేనా సార్?"

"నీడ పడ్డ గళ్లను తప్పించి కరెంటును పంపే పక్కదారి డయోడు లేకపోతే ఇంతేనమ్మా! చవకరకం వాటికి అది ఉండదు," అన్నాడు ఉత్సాహంగా. మంచి ప్రశ్న అడిగిందని మెచ్చుకున్నాడు కూడా. ఆ పిల్ల ముఖంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆ పిల్ల తండ్రి కబురు పెట్టాడు. కుట్టుపని చేసుకునే మనిషి, మెడలో టేపు అలాగే ఉంది. వాలు సంగతి కూతురు చెప్పిందట, కళ్లతో చూస్తే గానీ నమ్మనన్నాడు. నేనూ వెంట వెళ్లాను. మేడ మీద ప్యానెల్ నిజంగానే దాదాపు పడుకుని ఉంది. మీటరు బ్యాటరీ తీగలు విప్పి, తన మల్టీమీటరుకు తగిలించాడు. రెండు ఆంపియర్లు. బోల్టులు వదులు చేసి, ఎండకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. రెండుంబావు కూడా దాటలేదు.

"దీనికోసమా మీ తమ్ముడి పొట్ట కొట్టారు?" అన్నాడు.

తండ్రి ప్యానెల్ మీదికి వంగి చూశాడు. "మరి ఛార్జింగ్ ఎందుకు కాలేదండీ?"

మీటరు జవాబు చెప్పేలోపే ఆ పిల్ల, గచ్చు కాలుతుందని వేసుకున్న నల్లటి బడి మేజోళ్లలో ఒకటి కాలి నుంచి తీసింది. ప్యానెల్ కింది అంచు మీద పరిచింది. అంకె పదో వంతుకు పడిపోయింది.

"ముసురులో ఆరడం లేదని, వాన తెరిపిస్తే చాలు రోజూ ఇక్కడే వేసేదాన్ని నాన్నా. అద్దం వెచ్చగా ఉంటుందని. ఆ వారమంతా వేశాను."

మీటరు తీగలు విప్పి జేబులో కుక్కుకున్నాడు. తండ్రి ఫోన్ తీసి, ఆర్నెల్ల తర్వాత తమ్ముడికి చేశాడు. చెవి దగ్గర పట్టుకునే ఓపిక కూడా లేక స్పీకరు పెట్టాడు.

"తమ్ముడూ, తప్పు నీది కాదురా. వాలు కాదు. పిల్ల మేజోళ్లు..."

"తెలుసు అన్నయ్యా," అన్నాడు అవతలి నుంచి. "అమ్మ పోయిన పొద్దున్న ప్యానెల్ మీంచి వాటిని తీసింది నేనే."

"మరి చెప్పలేదేంరా!"

"చిన్నపిల్ల, ఎలా మోస్తుంది? నాకైతే పనే పోయింది, అంతే కదా అనుకున్నా. దానికి తెలిసిపోయిందా? ఎవరు చెప్పారు దానికి? ఏ పుణ్యాత్ముడు చెప్పాడు?"

పిల్ల ఒక కాలు బోసిగా, వేడి గచ్చు మీద నిలబడి అంతా వింటోంది. మీటరు ఫోన్ మీదికి వంగాడు.

"నేనేరా," అన్నాడు.

"మీరా సార్," అని ఫోన్ పెట్టేశాడు.