ఇద్దరి ఫీజు, ఒక్క నంబరు

మా కోడలు ఆసుపత్రిలో నర్సు. కొడుక్కి రాయగడలో పని, ఆదివారాలే ఇంటికి వస్తాడు. అందుకని సునాబెడ బడిలో మనవరాళ్లిద్దరి ఫీజు వాయిదాలు కట్టే పని నాది. చదివింది మూడో తరగతే అయినా అంకెలు బాగా వచ్చు. ఫోనులో డబ్బు పంపడం నాకు నచ్చదు. కిటికీలోంచి నోట్లిచ్చి, రసీదు చేతికొచ్చేదాకా కదలను.

ఆ ఏడు రెండో వాయిదా పెద్దదానికి ముందు కట్టాను. ఖర్చులు తగ్గించుకుని పది రోజుల తర్వాత చిన్నదానికీ ఎనిమిది వేలు పట్టుకెళ్లాను. గుమస్తా పాత రసీదు అడిగితే సంచిలో ఉన్న పెద్దదానిదే ఇచ్చాను. మా ఊరి కొట్లో ఇంటికంతా ఒకే పద్దు. బడిలోనూ అంతే అనుకున్నాను. కొత్త రసీదు మీద ఎనిమిది వేలూ ముద్రా చూసుకున్నాను తప్ప, ఇంగ్లీషులో ఉన్న పేరు చూడలేదు.

అర్ధ సంవత్సరం పరీక్షలకు పెద్దదానికి హాలు టికెట్ ఇచ్చారు. చిన్నదానికి ఇవ్వలేదు. రెండో వాయిదా బాకీ, పైన రెండు వందల జరిమానా అని చీటీ ఇచ్చారు. చిన్నది ఆ చీటీని రెండు రోజులు దాచింది. మూడో రోజు కోడలికి పుస్తకాల్లో దొరికింది. మర్నాడే మొదటి పరీక్ష.

"ఏటమ్మీ, నాకెందుకు సెప్పలేదు? తిడతాననా?"

"కాదు నానమ్మా. ఆఫీసుకెళ్లి గొడవ పెట్టేత్తావని."

నాకు నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి.

రసీదులన్నీ మంచం మీద పరిచాం. పెద్దదాని అడ్మిషన్ నంబరు మీద మూడు, చిన్నదాని మీద ఒకటి. కోడలు ఇంగ్లీషులో ఉత్తరం రాసి తెలుగులో చదివి వినిపించింది: మా పొరపాటు వల్ల చిన్నమ్మాయి వాయిదా పెద్దమ్మాయి నంబరుకు చేరింది, దాన్ని మార్చి బాకీ సరిచేయండి, జరిమానా తీసేయండి.

"మా పొరపాటేటి? అత్తగారి పొరపాటని రాయి. నాకు సిగ్గు లేదు."

"సంతకం తల్లిది కదత్తా. అలాగే ఉండనీ."

రసీదులు ఏరి సంచిలో సర్దుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఉత్తరం, అసలు రసీదులు, వాటి నకళ్లు పట్టుకుని చిన్నదాంతో వెళ్లాను. గుమస్తా కంప్యూటరులో తేదీలు పోల్చి చూశాడు. పెద్దదాని నంబరులో మూడో వాయిదా కింద గడువుకు ముందే పడిన డబ్బు చిన్నదానిదేనని ఒప్పుకున్నాడు. తప్పు రసీదు వెనక్కి తీసుకుని రద్దు చేసి, చిన్నదాని నంబరు మీద పాత తేదీతోనే వేరే రసీదు ఇచ్చాడు. జరిమానా తీయాలంటే ప్రిన్సిపాల్ సంతకం కావాలన్నాడు. సంతకం పడేదాకా బల్ల మీదే కూర్చున్నాను. గొడవ మాత్రం పెట్టలేదు. చిన్నది నా మొహమే చూస్తోంది మరి.

గంట కొట్టేలోగా హాలు టికెట్ చేతికొచ్చింది. అది పరిగెత్తబోయి, ఆగి, నా సంచిలోంచి నేను రసీదులు దాచుకునే పాత కాగితం కవరు తీసింది. దాని మీద పెన్నుతో తన నంబరు పెద్దగా రాసింది.

"ఇది నాది నానమ్మా. అక్క రసీదులు ఇందులో పెట్టకు."

"బాగానే సెప్పేవు. ఎల్లు, పరీక్ష రాయి."