వేడెక్కిన న్యూట్రల్, వెచ్చని కేరేజీలు

తాడేపల్లిగూడెంలో వైరింగు పనులు చేసుకునే నన్ను ఏలూరులోని ఒక డేటా ఎంట్రీ ఆఫీసువాళ్ళు పిలిచారు. నూట ఇరవై పాత కంప్యూటర్లు. ప్యానెల్ బోర్డు దగ్గర మాడు వాసన వస్తోందట.

వెళ్ళి చూస్తే ఆ ఇనుప పెట్టె మీద తొమ్మిది కేరేజీలు వరసగా ఉన్నాయి. పెట్టె వెచ్చగా ఉంటుందని సిబ్బంది రోజూ అన్నం అక్కడే పెడతారు. కొల్లేటి కొరమీను పులుసు ఘుమఘుమల్లో మాడు వాసన నెలరోజులు ఎవరికీ తెలియలేదు.

తీయమంటే మేనేజరుగారు మొహమాటపడ్డారు. "మధ్యాహ్నం దాకా ఉంచండి, ఏవండీ. మావాళ్ళు నొచ్చుకుంటారు."

కేరేజీలు నేనే దించి తలుపు తెరిచాను. మూడు ఫేజు వైర్లూ బాగానే ఉన్నాయి. కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ వైరు తొడుగు మాత్రం గోధుమరంగుకి తిరిగి పెళుసుబారింది. అంతకుముందు వచ్చిన ఎలక్ట్రీషియన్ మూడు ఫేజులు కొలిచి, సమానంగా ఉన్నాయి కనక న్యూట్రల్‌లో సున్నా అని రాసి వెళ్ళారట. న్యూట్రల్‌కి మీటరు పెట్టనేలేదు.

అల వంకరగా ఉన్నా సరిగ్గా కొలిచే నా ట్రూ ఆర్‌ఎంఎస్ క్లాంపు మీటరు పెట్టాను. ఫేజుల్లో ముప్ఫై ఎనిమిది, నలభై, ముప్ఫై తొమ్మిది ఆంపియర్లు. న్యూట్రల్‌లో అరవై ఒకటి. ఫ్రీక్వెన్సీ మీట నొక్కితే ఫేజుల్లో యాభై, న్యూట్రల్‌లో నూట యాభై హెర్ట్జ్.

మేనేజరుగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

కంప్యూటరు కరెంటును నిలకడగా తీసుకోదని, అల శిఖరం దగ్గర ఒక్క గుక్కలో లాగుతుందని చెప్పాను. అందువల్ల యాభై హెర్ట్జ్‌తో పాటు దాని మూడు రెట్లు, తొమ్మిది రెట్లు ఉండే అలలు పుడతాయి. మూడు ఫేజుల యాభై హెర్ట్జ్ అలలు న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఈ మూడు రెట్లవి మాత్రం మూడు ఫేజుల్లోనూ ఒకేసారి లేచి ఒకేసారి పడతాయి కనక కలిసి పోగవుతాయి. ట్రిప్లెన్ హార్మోనిక్స్ అంటే ఇవే. పైగా అది మూడున్నర కోర్ కేబులు. అందులో న్యూట్రల్ ఫేజు వైరులో సగం లావే. బ్రేకరు ఫేజులనే కాస్తుంది, న్యూట్రల్ జోలికి పోదు.

ఆయన నమ్మలేదు. ఒక ఫేజు కంప్యూటర్లన్నీ ఆపించాను. లోడు ఎక్కువతక్కువల వల్ల వచ్చిందైతే ఇప్పుడు న్యూట్రల్ పెరగాలి. యాభైమూడుకి తగ్గింది, అంటే ఇది ఆ అలల పోగే.

"ఈ న్యూట్రల్ తెగితే ఏవవుద్దండీ?"

"కొన్ని కంప్యూటర్లకి రెండొందల ముప్ఫై బదులు నాలుగొందల దగ్గరికి వెళ్తుందండి."

ఆయన వెంటనే సగం కంప్యూటర్లు ఆపించారు. అలిగిన సిబ్బంది కేరేజీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఆదివారం సరఫరా ఆపి, ఫేజుకి రెట్టింపు లావున్న రాగి న్యూట్రల్‌తో కొత్త లైను లాగాం. సోమవారం అన్నీ వేశాక వైరు గోరువెచ్చగా కూడా లేదు. మీటరు మాత్రం అరవై ఒకటే చూపించింది. మేనేజరుగారి మొహం వాడిపోయింది. కరెంటు పోలేదని, దారి మాత్రమే వెడల్పయిందని, అది తగ్గాలంటే ఆ అలల్ని ఆపే ఫిల్టరు పెట్టాలని చెప్పాను. ఆయన మూడుసార్లు కొలిపించి, నా రిపోర్టు మీద సంతకం పెడుతూ నెమ్మదిగా అన్నారు, "కొంచెమైనా తగ్గించి రాయకూడదాండీ?"