గురిగి అని పెట్టనివ్వలేదు

ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను. ఏళ్ళ తరబడి సీసాల మీద, అట్టపెట్టెల మీద, కొరియర్ చీటీల మీద రాశాను, అది చాలు. ఆ పేరు నేను పెట్టింది కాదు. నేను పెడతానన్న పేరు గురిగి.

గురిగి అంటే మా వైపు చిన్న మట్టిముంత. మేం పచ్చడిని తొక్కంటాం. మా అమ్మ ఏడాది తొక్కు జాడీల్లో పెట్టేది. పొలానికి పోయేవాళ్ళకు, ఊరికి పోయేవాళ్ళకు మాత్రం గురిగిలో ఇంత తీసి, మూతికి గుడ్డ కట్టి ఇచ్చేది. ఇంట్లో తినేది జాడీలో ఉండేది, ఇల్లు దాటిపోయేది గురిగిలో పోయేది. దూరం ఊళ్ళకు పంపాలనుకున్న తొక్కుకు ఇంతకంటే సరైన పేరు నాకు ఇప్పటికీ దొరకలేదు.

మేడ్చల్‌లో మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది నేను అమ్మకం మొదలుపెట్టాను. మామిడికాయ, చింతకాయ, పుంటికూర తొక్కులు. పుంటికూర అంటే గోంగూర. పల్లిపొడి, నువ్వులపొడి, ఎల్లిపాయ కారం. మొదట్లో పేరే లేదు. శామీర్‌పేట హాస్టళ్ళ పిల్లలు "మేడ్చల్ అక్క తొక్కు" అనేవాళ్ళు. తుర్కపల్లిలో మందుల కంపెనీల ల్యాబులు వచ్చాక నా గిరాకీ మారింది. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన అక్కడ పనిచేసేవాడు. కంపెనీ క్యాబు మా గల్లీ మొదట్లో ఆపించుకుని వచ్చి తీసుకుపోయేవాడు.

"మా వాళ్ళకు తెలిస్తే నన్ను ఊళ్ళోకి రానివ్వరక్కా. గుంటూరోడు మేడ్చల్ వచ్చి పచ్చడి కొనడమేంటి అని," అనేవాడు.

"అయితే కొనకు మరి."

"కొంటా, కానీ చెప్పను."

చెప్పకుండా ఉండలేదు. బెంగుళూరులో ఉన్న చెల్లెలికి పంపాడు, ఆమె పుణేలో ఎవరికో పంపింది. నాకు ఫోన్లు మొదలయ్యాయి. సీసా మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి, మూత చుట్టూ టేపు చుట్టి, సీసాను మళ్ళీ రెండు కవర్లలో కట్టి పంపడం నేర్చుకున్నాను. పొడి వేడి మీద కవర్లో పోస్తే లోపల చెమ్మ పట్టి గడ్డకడుతుందని ఒక పార్శిల్ మొత్తం పాడయ్యాక తెలిసింది. ఇదంతా ఒక్కదాన్నే నేర్చుకున్నాను. ఇంట్లో ఎవరూ అప్పుడు పేరు గురించి అడగలేదు.

సికింద్రాబాద్‌లో ఒక దుకాణదారు సరుకు పెట్టుకుంటానన్నాడు. లేబుల్ కావాలన్నాడు, లైసెన్సు కావాలన్నాడు. లైసెన్సు కోసం తనిఖీకి వచ్చినాయన మా వంటిల్లు చూసి, ఇంటివాళ్ళు వండుకునే చోట కుదరదు, వేరే గది ఉండాలి, గచ్చు ఉండాలి, కిటికీలకు జాలీ ఉండాలి అని చెప్పి పోయాడు. మా ఇంటి వెనక రేకుల గది ఉంది. కానీ అది మా బావ వాటాకు వచ్చింది. బావ అంటే మా ఆయనకు అన్న. పొలాలు కొని ప్లాట్లు చేసి అమ్మేవాడు.

గది అడగడానికి మా ఆయనా నేనూ వెళ్ళాం. మా అత్త కూడా అక్కడే మంచం మీద కూర్చుని ఉంది. బావ గది సంగతి వదిలేసి ముందు పేరు అడిగాడు. చెప్పాను.

"గురిగా?" అని నవ్వాడు. "గురిగిల పోరగాండ్లు చిల్లర పైసలేసుకుంటరు. ఏం తమ్మీ, నీ పెండ్లానికి గింతకంటె మంచి పేరు దొరకలేదా?"

మా ఆయన చాయ్ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు.

"మా అమ్మ గురిగిల వెట్టి పంపేది బావా," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా అత్త అందుకుంది. "మీ అమ్మ గురిగి మీ అమ్మింట్ల ఉండాలె. ఈడ పొయ్యి మాది, ఉప్పు మాది, పేరు మీ అమ్మదా?"

"ఉప్పు నేనే కొంటున్న అత్తా."

"సూసినవా నోరు!"

బావ చెయ్యెత్తి ఆమెను ఆపాడు. పెద్దమనిషిలాగ, మెల్లగా చెప్పాడు. "ఇగో అమ్మా, మన ఇంటిపేరంటే కీసర దాంక తెలుసు. మా తాత ఆ పేరు మీద పంచాయితి చెప్పిండు. గా పేరు వెట్టుకుంటె సీసా దానంతటదే అమ్ముడు వోతది. గా పేరు వెట్టు, గది తీస్కో. కిరాయి గూడ వద్దు."

ఇంటిపేరు ఇవ్వడమంటే ఆయన దృష్టిలో నాకు భూమి రాసిచ్చినంత. మా పక్క భూములున్న ఇళ్ళల్లో ఇదొక అలవాటు. బోరు వేసినా, బడి కట్టినా, లారీ కొన్నా మొదట ఇంటిపేరే రాస్తారు. అది అందరిదీ కాబట్టి ఎవరూ కాదనరు. అందరిదీ అయినది నాది ఎట్లా అవుతుందని ఆ రోజు ఎవరూ ఆలోచించలేదు. గది కావాలి కాబట్టి నేనూ తల ఊపాను.

పేరు పెట్టాను. అమ్ముడుపోయింది కూడా. అది పేరు చూసి కాదు, తొక్కు తిని. కానీ ప్రతి పండక్కీ మా బావ పదిమందిలో "మా పేరు జేసిన పని" అనేవాడు.

స్టిక్కర్ల నుంచి అచ్చువేసిన కవర్లకు మారాలనుకున్నప్పుడు నాకు భయం పట్టుకుంది. కవరుకు రంగు రంగుకూ ఒక అచ్చు సిలిండర్ చెయ్యాలి, ఒకసారి చేయిస్తే అక్షరం మార్చడానికి ఉండదు, తక్కువలో తక్కువ బస్తాలకొద్దీ తీసుకోవాలి. ముందు పేరు రిజిస్టర్ చేయించమని దుకాణదారే చెప్పాడు. సికింద్రాబాద్‌లో ట్రేడ్‌మార్క్ దరఖాస్తులు పెట్టే ఏజెంటు దగ్గరికి పోయాను.

ఆయన సీసా తిప్పి చూశాడు. "ఇది మీ ఇంటిపేరా అమ్మా?"

"మా అత్తింటిది."

"ఇంటిపేరు రిజిస్టర్ కావడం కష్టం. చాలా ఏళ్ళు వాడి, జనం ఈ పేరంటే మీ సరుకే అనుకుంటున్నారని రుజువు చూపాలి. చూపినా, ఆ ఇంటిపేరున్న ఇంకొకరు నిజాయితీగా తమ పేరు తాము పెట్టుకుంటే ఆపడం తేలిక కాదు. ఇంకో పేరేమైనా ఉందా?"

"ఉండె," అన్నాను. చెప్పాను.

ఆయన ఆ మాట కాగితం మీద రాసి చూసుకున్నాడు. "తొక్కుకు ఆ పేరు ఎవరూ వాడినట్టు లేదు. ఇదే పెట్టాల్సింది."

ఇంటికి వచ్చి పేరు మారుస్తానని చెప్తే బావ అరవలేదు. గది తాళం చెయ్యి కోసం చెయ్యి చాపాడు. "మా పేరు అక్కరలేనోళ్ళకు మా గది ఎందుకమ్మా?" అన్నాడు. పొయ్యి మీద నూనె కాగుతూ ఉంది. మామిడికాయ కోసి ఉంది. నేను నోరు మూసుకుని పాత పేరుతోనే కవర్లు అచ్చువేయించాను. మా ఆయన ఆ రోజు కూడా చాయ్ తాగాడు.

ఆ తర్వాతి ఏడాది బావ శామీర్‌పేట దాటాక ఒక వెంచర్ వేశాడు. బోర్డు మీద మా ఇంటిపేరు, దాని పక్కన "నగర్" అని. అక్షరాలు చూసి ఆగిపోయాను. నా సీసా మీది అక్షరాలే, అదే వంపు, అదే ఎరుపు. నా ప్రింటర్ దగ్గరే చేయించాడు. ఆదివారం ఆదివారం బస్సులో జనాన్ని తీసుకుపోయి ప్లాట్లు చూపించి అన్నం పెట్టేవాళ్ళు. విస్తట్లో నా తొక్కు. పోయేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో నా సీసా. అడిగితే, "నీ సరుకుకు గూడ పబ్లిసిటీ గాదా?" అన్నాడు.

ఆ ప్లాట్లు కుంట శిఖంలో ఉన్నాయి. అంటే వాన పడితే నీళ్ళు నిలిచే భూమి, ఇళ్ళకు పర్మిషన్ రానిది. రెండో వానాకాలానికి హద్దురాళ్ళు నీళ్ళలో మునిగాయి. బావ ఫోన్ ఎత్తడం మానేశాడు.

కొన్నవాళ్ళు ఆయన ఇంటికి పోయి గేటు దగ్గర నిలబడి నిలబడి, చివరికి నా గదికి రావడం మొదలుపెట్టారు. వాళ్ళకు ఆ పేరు మీద తెరిచి ఉన్న తలుపు నాదొక్కటే కనిపించింది. ఒకామె కారం కలుపుతున్న నా చేతుల వంక చూస్తూ, "మంచిగ తొక్కు వెట్టి మోసం జేస్తిరి గదా," అంది. మోసం చేసింది నేను కాదన్నాను. "మరి పేరు ఎవల్ది?" అంది.

గుంటూరు ఆయన కూడా వచ్చాడు. అప్పటిదాకా ఆయనా ప్లాటు కొన్నాడని నాకు తెలియదు. ఈసారి క్యాబు దిగి, లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. చేతిలో విప్పని సీసా ఉంది.

"రాండ్రి లోపలికి," అన్నాను.

"వద్దక్కా. బోర్డు మీద మీ పేరు చూశాను. మీవాళ్ళే కదా అనుకున్నాను. కాగితాలు కూడా ఎవరికీ చూపించలేదు."

"నన్నొక్క మాట అడగక పోతిరి."

"రోజూ అన్నంలో కలుపుకునే పేరక్కా. అడగాలని అనిపించలేదు."

సీసా గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. నాకు కోపం రాని మనుషులు తక్కువ, అందుకే రాస్తున్నాను.

తుర్కపల్లి గిరాకీ ఆగిపోయింది. బెంగుళూరు ఆగింది, పుణే ఆగింది. పేరు మీద గొడవుందట కదా అని దుకాణదారు సరుకు వాపసు పంపాడు. కవర్ల బస్తాలు గదిలో అట్లాగే ఉన్నాయి. నేను తాళం చెయ్యి తీసుకుపోయి బావ ముందు పెట్టాను. "నీ పేరు నువ్వే ఉంచుకో," అన్నాను. మా అత్త గోడవైపు తిరిగి పడుకుంది.

గది ఖాళీగా ఉండలేదు. బావ కొడుకు అందులో కుక్కర్లు, గ్రైండర్లు పెట్టాడు, తర్వాత సిటీ దగ్గర పెద్ద షెడ్డు తీసుకున్నాడు. తొక్కులు, పొడులు. అదే ఇంటిపేరు. ఆపొచ్చా అని ఏజెంటును అడిగితే, "పుట్టుకతో వచ్చిన పేరమ్మా, మీకంటే ఆయనకే దగ్గర. కోర్టుకు పోవచ్చు, గెలుస్తారని చెప్పలేను," అన్నాడు. ప్లాట్ల సంగతి తెలియని ఊళ్ళకు ఆ పిల్లగాడి సీసాలు పోతున్నాయి. నేను పోవాలనుకున్న ఊళ్ళన్నిటికీ పోతున్నాయి. ఒకటి తెప్పించుకుని తిన్నాను. మెంతులు మాడాయి.

అదే రోజు గురిగి అని దరఖాస్తు పెట్టించాను. ఎప్పటి నుంచి వాడుతున్నారని ఏజెంటు అడిగాడు. ఇంకా వాడలేదన్నాను. అయితే వాడబోయే పేరు అని రాస్తానన్నాడు. ఏళ్ళు పట్టింది. సర్టిఫికెట్ వచ్చేనాటికి మా అత్త లేదు, నా గిరాకీ లేదు, నా మోకాళ్ళు కింద కూర్చోనివ్వడం లేదు. పేరు మాత్రం నాదైంది.

"వాడకుండా ఏళ్ళు గడిస్తే తీసెయ్యమని ఎవరైనా అడగొచ్చు. జాగ్రత్త," అన్నాడు ఏజెంటు.

ఎవరు అడుగుతారో నాకు తెలుసు. అందుకని మా ఆయనతో ఇంటి పక్కన చిన్న గది వేయించి, లైసెన్సు మళ్ళీ తెచ్చుకుని, ఎండాకాలం ఎండాకాలం ఒక జాడీ తొక్కు పెడుతున్నాను. సీసాల్లో పోసి మేడ్చల్ బస్టాండు దగ్గర ఒక కిరాణం కొట్టులో పెడతాను. "గురిగంటె ఏందమ్మా, ఎవలు కొంటలేరు. పాత పేరే వెట్టరాదు," అంటాడు కొట్టాయన. సగం వాపసు వస్తాయి. మళ్ళీ ఏడాది మళ్ళీ పెడతాను.

లేబుల్ మీద తయారుచేసినవాళ్ళ పేరు, అడ్రసు ఉండాలని చట్టం. లైసెన్సులో ఎట్లా ఉంటే అట్లాగే వెయ్యాలని ప్రింటర్ అంటాడు. లైసెన్సులో నా పేరు ముందు ఆ ఇంటిపేరుంది. ముందువైపు పెద్దగా గురిగి. వెనకవైపు, బరువుకూ తేదీకీ కింద, చిన్న అక్షరాల్లో అది. ఎంత చిన్నగా వెయ్యొచ్చని అడిగి, అంతే వేయించాను. నా కళ్ళకు అది ఇప్పుడు అద్దాలు లేకుండా కనిపించదు. అయినా సీసా తుడిచేటప్పుడు అదెక్కడుందో నా వేలికి తెలుసు.