చెప్పినవేవీ కాలలేదు

తెలివితక్కువతనంలో నాకు తోటివాళ్లు ఎక్కువమంది లేరని నమ్ముతూ వచ్చాను. ఎందుకంటే నేను బతుకంతా బండ్లను తూచినవాణ్ణి. బోధన్‌లో చక్కెర మిల్లు నడిచినన్నాళ్లు చెరకు బండి ఎక్కిందంటే దాని బరువెంతో, అందులో ఆకెంతో, చెరకెంతో చూపుతోనే చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి నా సొంత బండిలో ఏమేం ఎక్కిందో మాత్రం చూసుకోలేదు. గ్యాస్ కొట్టేవాళ్ల మాట నమ్మి గ్యాస్ కొట్టించుకున్నాను. బండికి బిగించిన ఆ గ్యాస్ కిట్టు నాకు కిట్టలేదు.

బండి పాత వ్యాన్. నా భార్యా నేనూ కలిసి కొన్నది. ఆమెకు ఆదివారం చర్చికి ఒంటరిగా వెళ్లడం నచ్చేది కాదు. దారిలో ఉన్న ఊళ్ల ముసలివాళ్లను ఎక్కించుకుని వెళ్లేది. ఒక్కొక్కరినీ ఇంటి గుమ్మంలో నుంచి పిలిచి, ముందు కాళ్లు, తర్వాత నడుము, చివరకు చేతి కర్ర, అలా జాగ్రత్తగా లోపలికి చేర్చేది. ఆమె పోయాక ఆ పని నాకు మిగిలింది. ఇష్టంతో మొదలుపెట్టలేదు. ఆదివారం ఇంట్లో కూర్చుంటే గోడ గడియారం తప్ప మాట్లాడేది ఉండదు కాబట్టి మొదలుపెట్టాను. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. పెట్రోలు మాత్రం నన్ను తాగేసింది.

అప్పుడు వచ్చాడు, మిల్లులో తూకం దగ్గర నా కింద పనిచేసినవాడు, నేను తమ్ముడని పిలుచుకునేవాడు. మిల్లు మూతపడ్డాక బండ్ల ఇన్సూరెన్స్ ఏజెంటయ్యాడు. రోజూ సాయంత్రం ఛాయ్‌కి మా ఇంటికే వస్తాడు. తన ఇంట్లో ఛాయ్ లేక కాదు, నా ఇంట్లో ఇంకో మనిషి లేడనే. గ్యాస్ పెట్టించుకుంటే ఖర్చు సగానికి దిగుతుందని, నిజామాబాద్‌లో తెలిసిన మెకానిక్ ఉన్నాడని చెప్పాడు. ఇద్దరం కలిసి పోయాం. ఆ మెకానిక్ తుక్కుకు వెళ్లిన ఎవరిదో బండి నుంచి విప్పిన ట్యాంకూ, కిట్టూ నా వ్యాన్‌కు బిగించాడు. కాగితాలేవీ ఇవ్వలేదు. నేనూ అడగలేదు. అల్లుడి కులగోత్రాలు అడిగినట్టు గ్యాస్ ట్యాంకుకు కూడా అడగాలని ఎవరికి తెలుసు?

వెనక ట్యాంకు బయటికి కనిపిస్తే ముసలివాళ్లు భయపడతారని వడ్రంగితో దాని మీదుగా ఒక బెంచీ చేయించాను. ఇనుప కాళ్లు, మెత్తటి స్పాంజి, పైన పూల గుడ్డ. నా భార్య పెట్టెలో మడత పెట్టి ఉంచిన గుడ్డ అది. తర్వాత పాటలు వినిపించాలని ఇంకొకరితో రెండు పెద్ద స్పీకర్లూ, వాటికో ఆంప్లిఫయరూ పెట్టించాను. ఆ వైరు బెంచీ కాళ్ల మధ్య నుంచే పోయింది. ఎవరి పని వాళ్లు చక్కగా చేశారు. ఒకరు చేసింది ఇంకొకరికి తెలియదు, అంతే.

పాలసీ రెన్యూవల్ వచ్చినప్పుడు ఆ తమ్ముడే మా వరండాలో కూర్చుని ఫోన్‌లో నింపాడు. గ్యాస్ కిట్టు ఉందా, బయట బిగించిన సామాను ఉందా అని అడిగే చోట ఆగి నా వైపు చూశాడు.

"లేదని పెడుతున్న అన్న. ఉందంటే ప్రీమియం జర పెరుగుతది, ఆర్‌సీల రాయించుకొని రమ్మంటరు. ఎందుకు గా లొల్లి?"

ఛాయ్‌లో చక్కెర సరిపోయిందా అని అడిగినట్టే తల ఊపాను. నా ఒంటి మీద ఒక్క వెంట్రుకా అటు ఇటు కదలలేదు.

ఆ తర్వాత కోతలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక, వ్యాన్ నిండా మా వాళ్లతో వస్తున్నాను. వెనక బెంచీ మీద కూర్చున్న అవ్వ పిలిచింది.

"బిడ్డా, నా కింద వేడి అయితుంది."

"ఎండ, అవ్వ."

"ఎండ కిందికెల్లి రాదు బిడ్డా."

ఆ మాటకు ముందు నేను నవ్వాను. అప్పుడే రబ్బరు మాడిన వాసన ముక్కుకు తగిలింది. బండి పక్కకు ఆపి తాళం తీశాను. తాళం తీస్తే ట్యాంకు దగ్గర గ్యాస్ ఆగిపోతుంది, ఆ ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను. అందర్నీ దించడానికి నా చేతులు రెండూ చాల్లేదు. పక్క మడిలో చెరకు నరుకుతున్న మరాఠీ కూలీలు కత్తులు పడేసి పరిగెత్తుకొచ్చారు. అవ్వను ఒకాయన పెళ్లికూతురిలా ఎత్తుకుని గట్టు మీద కూర్చోబెట్టాడు. మిగతావాళ్లు కాలువ మట్టి తెచ్చి పోశారు. ట్యాంకు పేలలేదు. కానీ వెనక సగం నల్లగా మారింది. సీట్లు, పైకప్పు లోపలి గుడ్డ, వెనక తలుపులు పోయాయి. పూల గుడ్డ కూడా పోయింది. అవ్వ తన కర్ర ఎక్కడని అడిగింది. అదీ పోయింది.

క్లెయిమ్ పెట్టాం. నిజామాబాద్ గ్యారేజీకి సర్వేయరు వచ్చాడు. మెల్లగా మాట్లాడే మనిషి, చిన్నవాడే. బండి చుట్టూ తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, బెంచీ కాళ్ల దగ్గర వైరు తొక్క ఎక్కడ ఊడిందో చూశాడు. ఇనుప కాలికి రాపిడి పడి, వైరు షార్టయి, స్పాంజికి నిప్పంటుకుందని చెప్పాడు. ఆర్‌సీ అడిగాడు. ఇంధనం దగ్గర పెట్రోల్ అని ఒక్క మాటే ఉంది. పాలసీ చూశాడు. కిట్టు ఊసు లేదు, ఆంప్లిఫయరు ఊసు లేదు.

కిరాయికి తిప్పుతున్నానా అనీ అడిగాడు. లేదని చెబితే నమ్మాడు. నిజానికి నేను చెప్పిన వాటిలో ఆయన నమ్మినది అదొక్కటే.

"సర్, గ్యాస్ పెట్టుడు తప్పు కాదు. అప్రూవల్ ఉన్న కిట్టు, ఆథరైజ్డ్ ఫిట్టర్ సర్టిఫికెట్, ఆర్టీఏ ఆఫీసుల ఆర్‌సీ మార్పు, కంపెనీకి ఒక మాట. స్పీకర్లు గూడ విలువ చెప్పి రాయించుకోవాలె. అవన్నీ అయితే మీ బండి, మీ సామాను రెండు లెక్కలోకి వచ్చేవి. ఇప్పుడు నేను చూసింది రాస్త. ఇచ్చుడా ఇయ్యకపోవుడా అన్నది కంపెనీ చేతిల ఉంటది."

ఇలాంటి వాటిలో కొన్నిసార్లు కొంత తగ్గించి ఇస్తారని, అయితే నిప్పు చెప్పని సామాను నుంచే పుట్టింది కాబట్టి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాడు. నేను ఊరికే ఉండలేక అడిగాను, బాడీ, సీట్లు నేను చెప్పినవే కదా, వాటికైనా వస్తుందా అని. ఆయన తల వంచి, వాటికి అంటుకున్న నిప్పు ఎక్కడిదో మీకే తెలుసు కదా సర్ అన్నాడు.

ఆలోచిస్తే ఆయన మాటలో తప్పేమీ కనబడలేదు. చెప్పినవేవీ వాటంతట అవి కాలలేదు. కాలడం మొదలుపెట్టింది చెప్పనిదే. కొన్నాళ్లకు కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. వాస్తవం దాచినందున అని రాశారు. దాచలేదు, బెంచీ వేశాను అని వాళ్లకు ఎలా చెప్పను?

ఆ తర్వాతి ఆదివారాలు నాకు గుర్తున్నాయి. ముసలివాళ్లు షేర్ ఆటోల్లో కొందరు వచ్చారు, కొందరు రావడం మానేశారు. అవ్వ రాలేదు. నేను నడిచి వెళ్లి, నడిచి తిరిగొచ్చేవాణ్ణి. దారిలో నా భార్య పిలిచే గుమ్మాల ముందు అలవాటుగా నా కాళ్లు నెమ్మదించేవి. ఇంటికొచ్చి తాళం తీస్తే లోపల నుంచి ఎవరూ అడగరు, ఎందుకింత ఆలస్యమని. ఆ ప్రశ్న మీద ఒకప్పుడు విసుక్కున్నవాణ్ణి నేనే.

ఆ తమ్ముడూ రావడం మానేశాడు. తిరస్కరించిన కాగితం వచ్చిన సాయంత్రం నుంచే. పోట్లాడి ఉంటే బాగుండేది. పోట్లాడితే మాట్లాడినట్టే కదా. రెండు గ్లాసులు పెట్టి, ఒక గ్లాసు కడిగి బోర్లించడం కొన్ని రోజులకు అలవాటైంది.

బండి మాత్రం వదల్లేదు. కౌలుకిచ్చిన కాస్త భూమి డబ్బుతో ముక్కలు ముక్కలుగా బాగు చేయించాను. పాత కిట్టు పీకించాను. ఈసారి లైసెన్సున్న ఫిట్టర్ దగ్గర అప్రూవల్ ఉన్న కిట్టు, సర్టిఫికెట్, ఆర్టీఏ ఆఫీసు వరస, ఆర్‌సీలో పెట్రోల్ పక్కన ఇంకో మాట. కంపెనీకి నేనే వెళ్లి చెప్పాను, కిట్టు విలువ రాయించాను. అదనంగా అడిగిన ప్రీమియం వింటే నవ్వొచ్చింది. ఇంతేనా ఆ తమ్ముడు నాకు ఆదా చేసింది? స్పీకర్లు పెట్టించలేదు. పాటలు ముసలివాళ్లే పాడుకోవచ్చు, వాళ్ల వైర్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

తర్వాత పెయింటర్‌ను పిలిచి వెనక తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించాను: "గ్యాస్ బండి. ఆర్‌సీలో రాసి ఉంది. పాలసీలో చెప్పి ఉంది. మీది?"

ఒక సోమవారం పొద్దున్నే దాన్ని తీసుకెళ్లి ఆ తమ్ముడి ఆఫీసు ఎదురుగా, ఛాయ్ బండి పక్కన నిలబెట్టాను. రోడ్డు అందరిది. పాలసీ కోసం వచ్చినవాళ్లు అది చదివి, తలగోక్కుని, లోపలికి వెళ్లారు. మధ్యాహ్నానికి తను బయటికొచ్చాడు. కాస్త చిక్కిపోయాడు.

"అన్న, బండి జర పక్కకు తియ్యే. పొద్దుగాల్నుంచి వచ్చినోడల్ల నాది రాసినవా, నాది రాసినవా అంటుండు."

"మరి రాసినవా, తమ్మీ?"

"రాయక ఏం జేస్త."

"నీ కారుది?"

ఆ మాటకు తను ఆకాశం వైపు చూశాడు. తన కారుకూ అదే మెకానిక్, అదే తుక్కు కిట్టు. నాకు తెలుసు, ఆ రోజు ఇద్దరం కలిసే పోయాం. వెనక తలుపు మీది రాత ఇంకోసారి చదివి అన్నాడు.

"ఆర్టీఏ ఆఫీసుల నాకు భయమయితది అన్న. నువ్వు గూడ రా."

తను తుక్కు కిట్టు పీకించి, సర్టిఫికెట్ ఉన్నది పెట్టించుకున్నాక వెళ్లాను. తన కారు తనే నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. బోధన్ దాటేలోపే మొదలుపెట్టాను. బెంచీ ఎత్తు దగ్గర నుంచి, పూల గుడ్డ నా భార్య ఎక్కడ కొన్నదీ, అవ్వకు కొత్త కర్ర ఏ చెట్టుది చేయించానో, సాయంత్రాలు గ్లాసు ఎలా బోర్లించానో, అన్నీ. తను ఒకటి రెండు సార్లు రేడియో వైపు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకుని స్టీరింగ్ మీద పెట్టాను. నడుస్తున్న బండిలోంచి దిగిపోవడానికి లేదు కదా. నిజామాబాద్ దాకా నేనే మాట్లాడాను. అక్కడ వరసలో నిలబడి కూడా మాట్లాడాను.

తిరిగి వచ్చేటప్పుడు దగ్గరి దారి వద్దని, ఊళ్లన్నీ చుట్టి వెళ్లే దారి చూపించాను.