గేటు దాకా రాని నాన్న

మా బ్రూక్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లో తెలుగువాళ్లం కొందరం ఆదివారాలు కలిసి, రాసుకున్న కవితలు చదువుకుంటాం. ఈసారి నేను చదివేది నాన్న మీద రాసిన కవిత కాబట్టి ఆయన్నే వెంటబెట్టుకుపోయాను. గొప్ప చూపించుకోవాలన్న యావ నాది.

కవితలో ఉన్నవి నాన్న చేసే రెండు పనులే. నగర్తపేటలో చొక్కాల హోల్‌సేల్ దుకాణంలో పనిచేసిన మనిషి, నా యూనిఫాం చొక్కానూ దుకాణం సరుకులాగే మడిచేవాడు. బొత్తాలన్నీ పెట్టి, బోర్లా పరిచి, వీపు మీద అట్టముక్క ఉంచి, చేతులు వెనక్కి మడిచి, కింది అంచు పైకి తెచ్చి, తిప్పి, కాలర్ నిలబెట్టేవాడు. మాసికలు పడ్డ చొక్కా కూడా కొత్తదానిలా కనబడేది. రెండోది సైకిల్. నా తొడలు ఒరుసుకుపోకుండా ముందు కడ్డీకి తన తువ్వాలు చుట్టి ముడేసేవాడు. బడి మలుపులో నన్ను దించి, తువ్వాలు విప్పి మెడలో వేసుకుని వెనుదిరిగేవాడు.

మొదట చివరి పాదం "అదే నాన్న ప్రేమ" అని రాశాను. మా బృందంలో పెద్దాయన, రిటైరైన తెలుగు మాస్టారు, ముందే చూసి కొట్టేయించారు. "తువ్వాలు చెప్పేసిందమ్మా, మళ్లీ మీరు చెప్పడమెందుకు? ఆయన అనని మాట కవిత కూడా అనకూడదు." ఆ పాదం పోయాక కవిత "గేటు దాకా ఎన్నడూ రాలేదు నాన్న" అన్న చోట ఆగింది. భలే కుదిరిందని మురిసిపోయాను.

చదవగానే చప్పట్లు కొట్టారు. ఎంత బిడియస్థుడో మీ నాన్న, అన్నారెవరో. మాస్టారు నాన్న వైపు తిరిగి అడిగారు.

"గేటు దాకా ఎందుకు వెళ్లేవారు కాదండీ?"

రావద్దన్నది నేనే. నాలుగో తరగతిలో ఒక పొద్దున, "ఫ్రెండ్స్ చూస్తారు, ఇక్కడే దించెయ్" అన్నాను. ఆనాటి నుంచి ఆయన ఆ మలుపు దాటలేదు. చెప్పకుండా వదలడమే కవిత్వమని, చెప్పితీరాల్సిన ఆ ఒక్క మాటా సొగసుగా దాచేశాను.

నాన్న నా వైపు చూడలేదు.

"నాకే సిగ్గప్పా. చెమట చొక్కా, పాత సైకిలు. పెద్దోళ్ల పిల్లోళ్లు చదివే బడి కదా" అని నవ్వేశాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

ఇంటికొచ్చాక కూడా క్షమించు నాన్నా అనడానికి నోరు రాలేదు. కవిత తీసి, చివరి పాదం కింద "నేనే రావద్దన్నాను" అని రాసి ఆయనకు చదివి వినిపించాను.

"ఇదెందుకు పాపా, తీసెయ్. మొదట ఉండిందే బాగుండాది."

"నిజం అదే కదా నాన్నా."

"నిజమైతే మాత్రం? చదివేటోళ్లు నిన్ను ఏమనుకుంటారు?"