బిందు సేద్యం లెక్కలో రాయని నూట ఐదు రోజులు

2001 మార్చి 12, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు, గాలి లేదు. కోరుకొండ కొండమీది గుడి గోపురం ఎండలో తెల్లగా మెరుస్తోంది. మా చెల్లెలి నిమ్మతోటలో బోరు పైపు కింద రెండువందల లీటర్ల డ్రమ్ము పెట్టి, చేతి గడియారం చూస్తూ నిలబడ్డాను. డ్రమ్ము నిండడానికి రెండున్నర నిమిషాలు పట్టింది. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అంతే. అంటే గంటకు నాలుగు వేల ఎనిమిది వందల లీటర్లు. నోటుబుక్కులో రాసి, కింద గీత గీశాను.

నేను నీటిపారుదల శాఖలో ముప్పైయొక్క సంవత్సరాలు కాలవల నీటిమట్టాలు చూసి, రిజిస్టర్లు నింపి, 1998లో రిటైరయ్యాను. కొలిచిన దాన్ని తప్ప నమ్మడం నాకు చేతకాదు. మా కుటుంబంలో బోరు వేయాలన్నా, ఇల్లు కట్టాలన్నా ముందు నా చేత లెక్క కట్టించేవారు. ఆ ఉదయం చెల్లెలు నన్ను పిలిపించింది కూడా అందుకే.

చెల్లెలికి అప్పుడు యాభై ఏళ్ళు. రెండెకరాల్లో పద్నాలుగు వరుసలు, వరుసకు పదిహేను చొప్పున రెండువందల పది నిమ్మచెట్లు. చెట్టుకూ చెట్టుకూ ఇరవై అడుగులు. బావగారికి రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు స్వాధీనం తప్పాయి. అప్పటినుంచి నీళ్ళు కట్టే పని చెల్లెలిది. కార్తికం నుంచి జ్యేష్ఠం దాకా, ఎనిమిది రోజులకొక తడి. ఒక తడి పూర్తి కావడానికి నాలుగు రోజులు. కరెంటు ఉన్న ఏడు గంటలూ ఆమె పార పట్టుకుని వరుస వెంట నడుస్తూ, ఒక చెట్టు పాదు నిండగానే కాలవకు మట్టి అడ్డం వేసి, పక్క పాదుకు గండి కొట్టాలి.

ఆ నెలలో ఆమెకు చీటీ పాటలో ఇరవై ఐదు వేలు వచ్చాయి. ఆ డబ్బుతో డ్రిప్ వేయించాలని ఆమె కోరిక. అంతకు మించి చేతిలో ఏమీ లేదు.

రాజమండ్రి నుంచి డ్రిప్ సామాను అమ్మే దుకాణం వారి మనిషి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడు. టేపు పట్టి తోటంతా కొలిచాడు. నేను రెండో కొస పట్టుకున్నాను. వసారాలో కూర్చుని అతను చెబుతుంటే రాసుకున్నాను. వరుసల వెంట పరిచే సన్న పైపులు నాలుగు వేల రెండువందల అడుగులు, ఆరు వేల నాలుగు వందల రూపాయలు. చెట్టుకు నాలుగు చొప్పున ఎనిమిది వందల నలభై డ్రిప్పర్లు, మూడు వేల మూడు వందల అరవై. భూమిలో పాతే పెద్ద పైపులు ఏడు వేల ఆరు వందలు. ఫిల్టరు మూడు వేలు. వాల్వులు, జాయింట్లు రెండు వేల ఆరు వందల నలభై. గాడి తవ్వకం, బిగింపు రెండు వేలు. మొత్తం సరిగ్గా ఇరవై ఐదు వేలు.

"సబ్సిడీ?" అని అడిగాను.

"ఈ ఏటికి వచ్చిన డబ్బు అయిపోయిందండి. మళ్ళీ ఎప్పుడంటే నేను చెప్పలేనండి. అబద్ధం ఆడడం ఎందుకండి" అన్నాడు.

"మీ బోరు తక్కువండి. తోటని రెండు భాగాలు చేసి, ఒక్కోదానికి మూడేసి గంటలు, రోజు విడిచి రోజు వదిలితే సరిపోద్దండి" అని కూడా చెప్పాడు. నేను లెక్క చూశాను. పాదులు నింపే పద్ధతిలో చెట్టుకు రోజుకు సగటున ఎనభై లీటర్లు పోతోంది. డ్రిప్‌లో డ్రిప్పరుకు గంటకు ఎనిమిది లీటర్ల చొప్పున నలభై ఎనిమిది. పదింట నాలుగు వంతుల నీరు మిగులుతుంది. అందులో తప్పు లేదు.

తప్పంతా ఆ తరవాతే జరిగింది.

మిగిలిన నీటికి ఎంత ధర కట్టాలి? మోటారుకు కరెంటు బిల్లు హార్స్‌పవర్‌ను బట్టి ఏడాదికింత అని కట్టేవాళ్ళం. మోటారు మూడు గంటలు తిరిగినా, ఏడు గంటలు తిరిగినా బిల్లు ఒకటే. కనుక నీటి ఆదా వల్ల చేతికి వచ్చే డబ్బు సున్న. కాపు పెరుగుతుందని ఆ మనిషి అన్నాడు. కొలవని దాన్ని నేను రాయలేదు. ఇక కూలి. పాదులు చేయడానికి, కాలవలు తీయడానికి, పాదుల్లో గడ్డి చెక్కడానికి ఏడాదికి డెబ్బై మగకూలీలు పెట్టేవారు. రోజుకు యాభై చొప్పున మూడు వేల ఐదు వందలు. అది మిగులుతుంది. డ్రిప్‌కు ఏటా మరమ్మతులు, శుభ్రం చేయడం ఏడు వందలు పోగా నికరం రెండు వేల ఎనిమిది వందలు.

ఇరవై ఐదు వేలను రెండు వేల ఎనిమిది వందలతో భాగించాను. ఎనిమిదేళ్ళ పదకొండు నెలలు.

"ఈ పైపుల ఆయుష్షు ఎంత?" అని అడిగాను.

"ఎండకి ఉంటాయి కదండి. ఏడెనిమిదేళ్ళు."

"అంటే పెట్టుబడి తిరిగి రాకముందే పైపులు పోతాయి."

అతను నా నోటుబుక్కులోకి తొంగి చూశాడు. "చిన్న మాటండి. నీళ్ళు కట్టేది ఎవరండి?"

"మా చెల్లెలే."

"మరి ఆవిడ కూలి రాయలేదేంటండి?"

"ఇంటి మనిషి కదా. ఆమెకు మనం చెల్లించేది ఏముంది, మిగిలేది ఏముంది?"

మజ్జిగ గ్లాసులతో వచ్చిన చెల్లెలు ఈ మాట వింది. నవ్వింది. "మా అన్నయ్య సంగతి మీకు తెలీదండి. చేతిలోంచి పైసా పోతేనే గానీ రాయడు. నేను ఈ తోటలో అరిగిపోయినా ఖర్చు కింద రాదు."

మంచం మీదనుంచి బావగారు అందుకున్నారు. మాట కొంచెం ముద్దగా వచ్చేది. "నీకు కూలి కట్టాలంటే నేను ఈ మంచం అమ్మాలే."

"అమ్మండి. మీరు పొద్దస్తమానం దాని మీదే ఉంటారు, అది పోతే నాకు పక్క దులిపే పనైనా తప్పుద్ది."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నవ్వులో ఆమె అడగవలసింది అడిగేసిందని నాకు తట్టలేదు.

అతను వెళ్ళిపోయాక లెక్కను శుభ్రంగా ఒక తెల్లకాగితం మీద ఎత్తి రాసి చెల్లెలి చేతికిచ్చాను. ఆమె మెల్లగా చదివింది. కూలి లెక్క దగ్గర ఆగింది.

"వద్దంటావా అన్నయ్యా?"

"నేననడం లేదమ్మా. లెక్క అంటోంది. డబ్బు బ్యాంకులో వేసుకో. సబ్సిడీ వచ్చినప్పుడు చూద్దాం."

"సరే. నువ్వు కట్టిన లెక్క కదా" అంది. కాగితం మడిచి, మందుల డబ్బాలో పెట్టింది. పార తీసుకుని తోటలోకి వెళ్ళింది. ఆ రోజు తడిలో మూడో రోజు.

డబ్బు డిపాజిట్ చేయించింది నేనే. రెండు వేసవులు గడిచాయి. నేను వెళ్ళినప్పుడల్లా ఆమె గట్టు మీద చెయ్యి ఆనించి లేవడం చూశాను. ఒకసారి బావగారు, "రాత్రిళ్ళు నడుముకి ఇటుక కాచి పెట్టుకుంటోందండి బావగారూ" అన్నారు. వేడినీళ్ళ రబ్బరు సంచీ ఒకటి కొని పంపాను.

2003 ఏప్రిల్ 26, శనివారం, ఉదయం తొమ్మిది దాటాక, పదకొండో వరుసలో గండి మార్చబోతూ తడిసిన గట్టు మీద కాలు జారి పడింది. ఎడమ తుంటి ఎముక విరిగింది. పక్క పొలంవాళ్ళు ఆటోలో రాజమండ్రి తీసుకువచ్చారు. నేను ఆస్పత్రికి చేరేసరికి ఆమె చీర అంచుకు మట్టి ఇంకా తడిగానే ఉంది. నన్ను చూసి మొదట అన్నమాట, "అన్నయ్యా, మోటారు ఆపారో లేదో కనుక్కో."

ఆపరేషన్‌కు, గదికి, మందులకు కలిపి ఇరవై ఏడు వేల నాలుగు వందలు అయింది. డిపాజిట్ తీసి కట్టాం.

ఇక తోటకు నీళ్ళు ఎవరు కట్టాలి? ఒక మనిషిని మాట్లాడాను. రోజుకు అరవై అన్నాడు. ఆ పనికి ఎదురుగా నేను కూలి అంకె రాయడం అదే మొదటిసారి. అతను నాలుగు రోజులు వచ్చి మానేశాడు. జీడి, మామిడి కోతలు నడుస్తున్న రోజులు. అక్కడ కూలి ఎక్కువ, నీడలో పని. "రోజంతా ఎండలో ఆ బురదలో వంగి ఉండడం నా వల్ల కాదండి" అన్నాడు. మరొకతను రెండు రోజులు వచ్చాడు. నేనే పార పట్టాను. అరవై మూడేళ్ళ వయసులో ఒక పూటకు తొమ్మిది చెట్లకు నీళ్ళు పెట్టగలిగాను. పదో పాదు దగ్గర కూర్చుండిపోయాను. ఆమె పూటకు ఎన్ని చెట్లకు పెట్టేదో వరుసలు లెక్కపెడితే తెలిసింది: ఇరవై ఆరు.

మే నెలాఖరుకు నిమ్మచెట్లు ఆకు రాల్చాయి. జూన్ వానలు పడ్డాక చిగురిస్తాయేమోనని గోటితో కొమ్మలు గీరి చూశాను. నూట అరవై మూడు చెట్లలో పచ్చదనం కనిపించలేదు. ఆగస్టులో రెండెకరాలూ అమ్మేశారు. కొన్నవారు మిగిలిన చెట్లు కూడా పీకించి సరుగుడు వేశారు.

ఆ నెలలోనే, ఎవరూ అడగకుండా, పాత లెక్క మళ్ళీ కట్టాను. ఎనిమిది నెలల్లో ఆమె నీళ్ళు కట్టిన రోజులు నూట ఇరవై. డ్రిప్ ఉంటే వాల్వులు తిప్పడానికి, ఫిల్టరు కడగడానికి అన్నీ కలిపినా పదిహేను రోజుల పని. మిగిలేవి నూట ఐదు రోజులు. 2001 నాటి ఆడకూలి ముప్పై ఐదు చొప్పున మూడు వేల ఆరు వందల డెబ్బై ఐదు. దాన్ని కలిపితే ఏడాదికి నికరం ఆరు వేల నాలుగు వందల డెబ్బై ఐదు. పెట్టుబడి మూడేళ్ళ పది నెలల్లో తిరిగి వచ్చేది. పైపులకు అప్పటికి ఇంకా సగం ఆయుష్షు ఉండేది.

కాగితం తీసుకుని వెళ్ళాను. ఆమె వసారాలో చేతికర్ర పక్కన పెట్టుకుని బియ్యం ఏరుతోంది. "నేను తప్పు కట్టానమ్మా" అని కాగితం ఇచ్చాను. ఎంతో సేపు చదివింది. ఏడుస్తుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ముప్పై ఐదేంటి అన్నయ్యా?" అంది.

"అప్పటి ఆడకూలి అంతే కదమ్మా."

"మొన్న నా బదులు వచ్చినాయనకి మగకూలే ఇచ్చావు కదా. అదే పార, అదే గండి. ఆయన నాలుగు రోజులకే పారిపోయాడు కూడాను."

బావగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను జేబులోంచి పెన్ను తీశాను. కాగితం మోకాలి మీద పరిచాను. ఆమె బియ్యం చేట పక్కకు జరిపి, కాగితం పెట్టుకోవడానికి పీట ముందుకు తోసింది.

"రాయి. పూర్తిగా రాసెయ్యి. నేను చూస్తాను" అంది.

అప్పటి మగకూలి యాభై చొప్పున నూట ఐదు రోజులకు ఐదు వేల రెండు వందల యాభై. దానికి రెండు వేల ఎనిమిది వందలు కలిపితే ఎనిమిది వేల యాభై. ఇరవై ఐదు వేలను దానితో భాగిస్తే వచ్చింది మూడేళ్ళ ఒక నెల.